ఒకటిన్నర జీబీ సాయంత్రం నాలుక్కే ఎందుకు ఖాళీ అవుతోంది

అనంతపురం సప్తగిరి సర్కిల్‌ దగ్గర ఒక అద్దె గదిలో డీఎస్సీకి చదువుకునే ముగ్గురు కుర్రాళ్లు ఉంటారు. ముగ్గురికీ రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకే. అందులో ఒకడికి మాత్రం సాయంత్రం నాలుగు, మహా అయితే ఐదు దాటకముందే "మీ రోజువారీ డేటా పూర్తయింది" అని మెసేజ్‌ వచ్చేస్తుంది. "రేయ్‌, నేను క్లాసులే కదరా చూసేది, డేటా అంతా యాడికి పోతాంది?" అన్నది రోజూ గదిలో వినిపించే మాట. క్లాసులే తినేస్తున్నాయని అతని నమ్మకం, అందుకే రెండు జీబీ ప్యాక్‌కి మారాలని ఆలోచన. మూడు రోజులు కూర్చుని లెక్క రాస్తే తేలింది వేరే.

ప్యాక్‌ అయిపోయాక ఏమవుతుందో ముందు చూద్దాం, నొప్పి తెలిస్తేనే లెక్క రాసే ఓపిక వస్తుంది. చాలా రోజువారీ ప్యాకుల్లో నెట్‌ పూర్తిగా ఆగిపోదు, వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఇక్కడ కేబీ అంటే కిలోబిట్‌, కిలోబైట్‌ కాదు. ఎనిమిది బిట్లు ఒక బైట్‌ కాబట్టి సెకనుకి దక్కేది 8 కిలోబైట్లే. వాట్సాప్‌లో వచ్చిన 150 కేబీ ఫొటో ఒకటి తెరుచుకోవడానికి అన్నీ బాగుంటేనే ఇరవై సెకన్లు పడుతుంది. రాసిన మెసేజ్‌ వెళ్తుంది, ఫోన్‌పే లాంటివి తిప్పి తిప్పి ఎప్పటికో పని చేస్తాయి. వీడియో మాటే లేదు. సాయంత్రం ఆన్‌లైన్‌ మోడల్‌ టెస్ట్‌ రాయాల్సినవాడికి ఇది చిన్న టెన్షన్‌ కాదు.

సరే, కొలవడం. ఆండ్రాయిడ్‌ ఫోన్‌లో సెట్టింగ్స్‌ తెరిచి పైనున్న వెతికే పెట్టెలో data usage అని కొట్టడం అన్నిటికన్నా సులువైన దారి, ఎందుకంటే ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఆ పేజీ ఒక్కో చోట దాక్కుని ఉంటుంది. దాదాపు అన్నింటిలో App data usage అనే పేజీ ఒకటి వస్తుంది, ఏ యాప్‌ ఎంత వాడిందో పెద్దది పైన, చిన్నది కింద వరసగా కనిపిస్తుంది. ఏదైనా యాప్‌ని నొక్కితే తెర మీద ఉన్నప్పుడు ఎంత, వెనకాల ఉన్నప్పుడు ఎంత అని విడివిడిగా కూడా చూపిస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. ఆ పేజీ చాలా ఫోన్లలో నెల లెక్క చూపిస్తుంది, మన ప్యాకేమో రోజు లెక్క. నెల మధ్యలో యూట్యూబ్‌ పద్నాలుగు జీబీ అని కనిపిస్తే దాన్ని పట్టుకుని ఏం చేసుకోవాలి? కొన్ని కంపెనీల ఫోన్లలో ఈరోజు ఎంత అని వేరుగా ఉంటుంది, ఉంటే అదృష్టం. లేకపోతే కరెంటు మీటర్‌ చూసినట్టు చూడాలి. పొద్దున లేవగానే ఒక రీడింగ్‌, ప్యాక్‌ అయిపోయినట్టు మెసేజ్‌ రాగానే ఇంకో రీడింగ్‌, ఒకదాన్నుంచి ఇంకోటి తీసేయడం. రెండు స్క్రీన్‌షాట్లు చాలు, పుస్తకంలో రాయనక్కర్లేదు. ఐఫోన్‌లో అయితే Current Period అని కనిపించే లెక్క నెల మారినా దానంతటది సున్నాకి రాదు, ఎప్పుడో ఫోన్‌ కొన్న రోజు నుంచి కూడుతూనే ఉండొచ్చు. పేజీ చివర Reset Statistics నొక్కి మొదలుపెట్టాలి.

ఫోన్‌ చెప్పే అంకె, కంపెనీ యాప్‌ చెప్పే అంకె పూర్తిగా కలవవు. కొద్దిగా తేడా మామూలే, డబ్బు విషయంలో చెల్లేది కంపెనీ లెక్కే. తేడా మరీ పెద్దదిగా ఉంటే మాత్రం ఒక కారణం ఉండొచ్చు. 5జీ ఉచితంగా ఇచ్చే ప్లాన్‌ అయితే ఫోన్‌ 4జీ, 5జీ రెండింటినీ కలిపి మొబైల్‌ డేటా అనే లెక్కేస్తుంది, కంపెనీ 4జీలో వాడినదాన్నే ప్యాక్‌లోంచి తీస్తుంది. అనంతపురం టౌన్‌లో నాలుగు జీబీ వాడినా ప్యాక్‌ కదలనివాడికి ఊరికి పోగానే గంటలో సగం ఖాళీ అవడం అందుకే. టవర్‌ మారింది, అలవాటు మారలేదు.

మళ్లీ మన గదికి. మొదటి రోజు పొద్దున ఆరున్నరకి అతని ఫోన్‌లో యూట్యూబ్‌ 14.20 జీబీ, ఇన్‌స్టాగ్రామ్‌ 6.10, వాట్సాప్‌ 1.85 ఉన్నాయి. సాయంత్రం మెసేజ్‌ వచ్చేసరికి యూట్యూబ్‌ 14.98, ఇన్‌స్టా 6.53, వాట్సాప్‌ 1.99. అంటే యూట్యూబ్‌ 780 ఎంబీ, ఇన్‌స్టా 430, వాట్సాప్‌ 140. ప్లే స్టోర్‌ ఏదో యాప్‌ని అప్‌డేట్‌ చేసుకుంటూ 60 తినేసింది, మిగతా చిల్లరంతా కలిపి 90. మొత్తం ఒకటిన్నర జీబీ.

చూడగానే "చెప్పినా కదా, యూట్యూబే సగం, క్లాసులే" అన్నాడు. పక్క గది కుర్రాడు ఆపాడు. "మామా, యూట్యూబ్‌ అంటే క్లాసులొక్కటేనా? మధ్యాన్నం అన్నం తినేటప్పుడు చూసిందేంది?"

అక్కడే అసలు పని మొదలవుతుంది. ఒక యాప్‌ ఎంత వాడిందో ఫోన్‌ చెబుతుంది, ఆ యాప్‌లో ఏ పని ఎంత వాడిందో చెప్పదు. దానికి పది నిమిషాల పరీక్ష ఒకటి ఉంది. యూట్యూబ్‌ రీడింగ్‌ చూసుకుని, క్లాసు పెట్టి, సరిగ్గా పది నిమిషాలు చూసి, యాప్‌ మూసేసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ రీడింగ్‌ చూడాలి. వెంటనే చూస్తే కొన్ని ఫోన్లలో అంకె మారి ఉండదు, మీటర్‌ కాస్త ఆలస్యంగా కదులుతుంది. వచ్చిన తేడాని ఆరుతో గుణిస్తే గంటకి ఎంతో తెలుస్తుంది. వీడియో మీరు చూస్తున్న చోటికన్నా కొంత ముందుకు దించుకుని ఉంచుతుంది కాబట్టి ఈ లెక్క నిజానికన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది, పర్వాలేదు, అందాజుకి సరిపోతుంది.

అతని లెక్కల క్లాసు పది నిమిషాలకి 70 ఎంబీ వచ్చింది. క్వాలిటీ ఆటోలో ఉంది, గదిలో సిగ్నల్‌ బాగుంది కాబట్టి యూట్యూబ్‌ తనంతట తానే 720పీ ఇచ్చింది. ఆటో అంటే చాలామంది "తగినంత" అనుకుంటారు. కాదు, నెట్‌ వేగం ఎంత మోయగలదో చూసుకుని అంత ఇస్తుంది, ప్యాక్‌లో ఎంత మిగిలిందో దానికి తెలియదు. నెట్‌ ఎంత బాగుంటే డేటా అంత తొందరగా అయిపోవడం ఇందుకే, సిగ్నల్‌ సరిగా లేని ఊళ్లో అదే ప్యాక్‌ రాత్రి దాకా వస్తుంది.

అదే క్లాసు 480పీలో పెడితే పది నిమిషాలకి 40 ఎంబీ. 360పీలో 24. అంటే గంటకి వరసగా 420, 240, 144. మరి 360పీలోనే చూడొచ్చు కదా అంటే, లెక్కల మాస్టారు బోర్డు మీద చిన్నగా రాసే ఘాతాంకాలు అలుక్కుపోయి రెండో మూడో తెలియలేదు. రెండుసార్లు వెనక్కి జరిపి చూడాల్సి వచ్చింది, బాగా వెనక్కి జరిపితే ఆ ముక్కని మళ్లీ దించే అవకాశం ఉంది, అంటే మిగిల్చింది అక్కడ పోయింది. ఆరంగుళాల తెర మీద బోర్డు క్లాసుకి 480పీ సరిపోయింది. సైకాలజీ క్లాసులో మాత్రం సారు కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటాడు, తెర మీద అప్పుడప్పుడు నాలుగు పెద్ద అక్షరాలు, దానికి 360పీ ఎక్కువే.

ఇంకో సంగతి కూడా ఈ పరీక్షలో బయటపడింది. మధ్యాహ్నం చూసిన క్రికెట్‌ హైలైట్స్‌ అదే 720పీలో పన్నెండు నిమిషాలకే 140 ఎంబీ తీసుకుంది. క్లాసు పది నిమిషాలకి 70 అయినప్పుడు ఇది 140 ఎలా? తెరలో ఎంత మారుతుందో దాన్నిబట్టి వీడియో బరువు ఉంటుంది. వీడియోని కుదించేటప్పుడు ప్రతి ఫ్రేమునీ మొదటి నుంచి రాయరు, అంతకుముందు ఫ్రేముతో పోలిస్తే ఏది మారిందో అదే రాస్తారు. బోర్డు క్లాసులో మారేది మాస్టారి చెయ్యీ సుద్దముక్కా. క్రికెట్‌లో కెమెరా తిరుగుతుంది, గడ్డి కదులుతుంది, వెనక వేలమంది జనం ఊగుతుంటారు, ప్రతి ఫ్రేమూ దాదాపు కొత్తదే. అందుకని ఇంటర్నెట్‌లో కనిపించే "720పీ అయితే గంటకి ఇంత" అనే పట్టికలు మీ వీడియోకి వర్తించకపోవచ్చు. మీ ఫోన్‌లో, మీరు చూసే వీడియోతో చేసిన పది నిమిషాల లెక్కే మీకు నిజం.

ఇప్పుడు యూట్యూబ్‌ 780 విడిపోయింది. డెబ్బై నిమిషాల క్లాసులు 490, హైలైట్స్‌ 140, మిగిలిన 150 షార్ట్స్‌. షార్ట్స్‌ ఎంతసేపు చూశావంటే "ఐదు నిమిషాలు" అన్నాడు, ఫోన్‌లో వాచ్‌ హిస్టరీ తెరిస్తే ఇరవై ఐదు నిమిషాల సరుకు కనిపించింది. ఈ పొట్టి వీడియోల్లో ఒక దొంగ ఖర్చు ఉంది. మీరు ఒకటి చూస్తుండగానే వెనకాల తర్వాతివి సిద్ధంగా దిగుతుంటాయి, ఆగకుండా నడవాలి కదా. మీరు సగంలో తోసేసినవాటికీ, అసలు చూడకుండానే యాప్‌ మూసేసినవాటికీ కూడా డేటా పోయినట్టే.

కాబట్టి క్లాసులు ఒకటిన్నర జీబీలో మూడో వంతు కూడా లేవు. అవి కూడా అవసరం లేని 720పీలో.

క్వాలిటీ తగ్గించడం ఎలాగో చూద్దాం. యూట్యూబ్‌లో ఇది రెండు చోట్ల ఉంటుంది, ఆ తేడా తెలియకే చాలామంది "పెట్టినా, మళ్లీ మొదటికొచ్చింది" అంటారు. వీడియో నడుస్తున్నప్పుడు పైన చక్రం గుర్తు నొక్కి Quality, తర్వాత Advanced లోకి వెళ్లి 480p ఎంచుకుంటే అది ఆ ఒక్క వీడియోకే. తర్వాతి వీడియో మళ్లీ ఆటోలోనే. శాశ్వతంగా ఉండాలంటే యాప్‌ సెట్టింగ్స్‌లో Video quality preferences తెరిచి, On mobile networks కింద Data saver పెట్టాలి. దీనికో ఇబ్బంది ఉంది. అక్కడ 480పీ అని అంకె అడగరు, తక్కువ క్వాలిటీ అని మాత్రమే, ఎంత తక్కువో యూట్యూబే తేల్చుకుంటుంది, ఒక్కోసారి బోర్డు చదవలేనంత తక్కువ వస్తుంది. అందుకని అతను చేసింది ఇది: మామూలుగా Data saver, లెక్కల క్లాసు పెట్టినప్పుడు మాత్రం ఆ వీడియో వరకూ చేత్తో 480పీ. రోజుకి రెండు మూడు సార్లు నొక్కాలి, అంతే. దీంతో క్లాసులు 280కి దిగాయి, హైలైట్స్‌ దాదాపు 50కి. ఫోర్‌ ఫోరే, సిక్స్‌ సిక్సే, ఫోన్‌ తెర మీద బంతి కాస్త మసకగా కనిపించినా మ్యాచ్‌ ఫలితం మారదు.

ఇన్‌స్టాగ్రామ్‌ లోపల కూడా మీడియా క్వాలిటీ కింద తక్కువ డేటా వాడమనే స్విచ్‌ ఒకటి ఉంది. నెట్‌ఫ్లిక్స్‌లో Save data పెడితే ఒక జీబీకి సుమారు ఆరు గంటలు వస్తుందని ఆ కంపెనీయే చెబుతుంది, Automatic లో అయితే నాలుగు గంటలు. వీటి గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు, ఒకసారి పెట్టి మర్చిపోవడమే. కానీ "డేటా సేవర్‌" అని పేరు పెట్టుకుని విడిగా దొరికే యాప్‌ల జోలికి పోకపోవడం మంచిది. వీడియో యూట్యూబ్‌ దగ్గరే గట్టిగా కుదించి, తాళం వేసి వస్తుంది, మధ్యలో ఇంకో యాప్‌ దాన్ని తెరిచి చిన్నది చేయలేదు. చేయగలిగింది వెనకాల నడిచే యాప్‌లను ఆపడమే, అది ఫోన్‌లోనే ఊరికే ఉంది.

పరిమితుల దగ్గరికి వస్తే, పరిమితి అనే మాటకి ఫోన్‌లో మూడు వేర్వేరు అర్థాలున్నాయి. ఒకటి, సిమ్‌ మొత్తానికి పెట్టే Data warning & limit. ఇది ఎక్కువ ఫోన్లలో నెలకి లెక్క, పరిమితి దాటితే నెట్‌ పూర్తిగా కట్‌ చేస్తుంది. రోజువారీ ప్యాక్‌ ఉన్నవాళ్లకి పెద్దగా పనికిరాదు, రోజుకి పరిమితి పెట్టుకునే వీలున్న ఫోన్‌ అయితే తప్ప. ఆ వీలుంటే ప్యాక్‌లో ఎనభై శాతం దగ్గర హెచ్చరిక పెట్టుకోవడం బాగుంటుంది, మధ్యాహ్నానికే మోగితే ఆ రోజు ఏదో తేడా జరుగుతోందని తెలుస్తుంది.

రెండోది సమయం మీద పరిమితి. Digital Wellbeing లో ఒక్కో యాప్‌కి రోజుకి ఇన్ని నిమిషాలని టైమర్‌ పెడితే, అయిపోగానే యాప్‌ గుర్తు బూడిద రంగులోకి మారి మూతపడుతుంది, అర్ధరాత్రి మళ్లీ తెరుచుకుంటుంది. ఇది ఎంబీలు లెక్కపెట్టదు, నిమిషాలే లెక్కపెడుతుంది. అయినా పనికొస్తుంది, ఎందుకంటే పది నిమిషాల పరీక్షతో నిమిషానికి ఎన్ని ఎంబీలో తెలిసిపోయింది. అతని ఇన్‌స్టా యాభై నిమిషాలకి 430, అంటే నిమిషానికి ఎనిమిదిన్నర. ఇరవై నిమిషాల టైమర్‌ పెడితే 170, తక్కువ డేటా స్విచ్‌ కూడా వేసేసరికి 130 దగ్గర ఆగింది. రోజుకి రెండు వందల అరవై ఎంబీ ఒక్క టైమర్‌తోనే మిగిలింది, మొత్తం ప్రయత్నంలో పెద్ద లాభం ఇదే. క్లాసుల క్వాలిటీ తగ్గించి మిగిల్చింది 210.

ఈ టైమర్‌ ఓడిపోయే చోటు కూడా ఉంది. యూట్యూబ్‌కి పెట్టలేం. షార్ట్స్‌ని ఆపుదామని యూట్యూబ్‌కి గంట టైమర్‌ పెడితే రెండో క్లాసు మధ్యలో మూతపడింది, తిట్టుకుంటూ తీసేశాడు. క్లాసూ షార్ట్సూ ఒకే యాప్‌లో ఉన్నంత కాలం యాప్‌ టైమర్‌ రెండింటికీ తేడా చూడదు. ఆ 150 ఎంబీ అలాగే మిగిలిపోయింది, దాన్ని ఇక్కడ దాచాల్సిన పని లేదు. వైఫై మీద చూసిన నిమిషాలు కూడా ఈ టైమర్‌లోనే పడతాయి, డేటా ఖర్చు కాకపోయినా.

మూడోది వెనకాల నడిచే డేటా. App data usage లో యాప్‌ నొక్కితే Background data అనే స్విచ్‌ ఉంటుంది. దాన్ని ఆఫ్‌ చేస్తే తెర మీద లేనప్పుడు ఆ యాప్‌ మొబైల్‌ డేటా వాడదు. షాపింగ్‌ యాప్‌లకి, ఆటలకి నిశ్చింతగా ఆపేయొచ్చు. వాట్సాప్‌కి ఆపితే మాత్రం యాప్‌ తెరిచేదాకా మెసేజ్‌లు రావు, ఇంటి నుంచి అమ్మ ఫోన్‌ చేసి "ఏం నాయనా, పొద్దున్నుంచి మెసేజ్‌ పెడితే చూల్లేదేంది" అన్నాక గుర్తొస్తుంది.

వాట్సాప్‌ని తగ్గించే దారి వేరు. Storage and data లో Media auto-download కింద When using mobile data నొక్కితే నాలుగు రకాలు కనిపిస్తాయి, ఫొటోలకి సాధారణంగా ముందే టిక్‌ ఉంటుంది. అన్నీ తీసేస్తే ఫొటోలు మసకగా వచ్చి ఆగుతాయి, కావాల్సింది నొక్కితేనే దిగుతుంది. కోచింగ్‌ గ్రూపులు ఐదారు, ఊరి గ్రూపు, చుట్టాల గ్రూపులో పొద్దున్నే ముప్పై గుడ్‌ మార్నింగ్‌ పువ్వులు ఉన్నవాడికి ఇది చాలా పెద్ద తేడా. అతనికి 140 నుంచి 50కి వచ్చింది. ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్‌ని వైఫై మీదే అని మార్చాడు, ఆ అరవై పోయింది.

అన్నీ కలిపితే: క్లాసులు 280, హైలైట్స్‌ 50, షార్ట్స్‌ 150, ఇన్‌స్టా 130, వాట్సాప్‌ 50, చిల్లర 90. మొత్తం 750 ఎంబీ. అదే చదువు, అదే గది, సగం డేటా.

అయితే నాలుగో రోజు మళ్లీ మధ్యాహ్నం రెండుకే మెసేజ్‌ వచ్చింది. రీడింగ్‌లు చూస్తే యూట్యూబ్‌, ఇన్‌స్టా అన్నీ మామూలే. జాబితాలో అంతవరకూ కనిపించని ఒక వరస పైకి వచ్చింది, Tethering & portable hotspot అని, 870 ఎంబీ. ముందు రోజు రాత్రి గదిలో ఇంకొకడు లాప్‌టాప్‌లో రెజ్యూమె చేసుకోవడానికి హాట్‌స్పాట్‌ అడిగి కలుపుకున్నాడు. ఈ రోజు పొద్దున ఏదో పీడీఎఫ్‌ కోసం హాట్‌స్పాట్‌ వేయగానే లాప్‌టాప్‌ దానంతటదే కలిసిపోయింది, అప్‌డేట్‌ దించుకోవడం మొదలుపెట్టింది. లాప్‌టాప్‌కి అది వైఫై, అంటే ఎంతైనా దించుకోవచ్చు. ఫోన్‌ నుంచి వస్తోందని, వెనక ఒకటిన్నర జీబీ ప్యాక్‌ ఉందని దానికేం తెలుసు? విండోస్‌లో ఆ వైఫై పేరు నొక్కి Metered connection ఆన్‌ చేస్తే ఇలాంటి పెద్ద దింపుళ్లు చాలావరకు ఆగుతాయి. ఇంట్లో టీవీకి హాట్‌స్పాట్‌ ఇచ్చినా ఇదే కథ, పెద్ద తెర కాబట్టి టీవీ పెద్ద క్వాలిటీ అడుగుతుంది. ఫోన్‌లో పెట్టిన యూట్యూబ్‌ సెట్టింగ్‌ టీవీకి వర్తించదు, అక్కడ వేరుగా తగ్గించాలి.

ఇక ఆఫ్‌లైన్‌ డౌన్‌లోడ్‌. దీని మీద ఒక అపోహ గట్టిగా ఉంది, డౌన్‌లోడ్‌ చేసుకుంటే డేటా మిగులుతుందని. ఒకే క్వాలిటీలో ఒకసారి చూసే వీడియోకి అదేం మిగల్చదు. నెట్‌లో చూసినా, దించుకుని చూసినా వచ్చే బైట్లు దాదాపు అవే. మొబైల్‌ డేటాతో దించుకుని, ఒకసారి చూసి, తీసేస్తే లాభం సున్నా. సగం చూసి వదిలేసే అలవాటు ఉంటే నష్టం కూడా, దించినప్పుడు మొత్తం దిగుతుంది కదా.

డౌన్‌లోడ్‌ నిజంగా లాభమయ్యేది మూడు చోట్ల. వైఫై దొరికిన చోట దించుకుంటే ఒకటి, అది అందరికీ తెలిసిందే. రెండోది, ఒకే వీడియోని మళ్లీ మళ్లీ చూసేటప్పుడు. రివిజన్‌ కోసం ఒక క్లాసుని మూడుసార్లు చూసేవాడికి నెట్‌లో మూడుసార్లు ఖర్చు, దించుకుంటే ఒక్కసారే. మూడోది రోజువారీ ప్యాక్‌ వాళ్లకి మాత్రమే దొరికే కిటుకు. అర్ధరాత్రి పన్నెండుకి మిగిలిన డేటా మురిగిపోతుంది, రేపటికి రాదు. సగానికి తగ్గించినందుకు అతని దగ్గర ఇప్పుడు రోజూ రాత్రికి ఏడు వందల ఎంబీ దాకా మిగులుతోంది. దాంతో రేపటి సైకాలజీ క్లాసు ఈ రాత్రే దించుకుంటే రేపటి ప్యాక్‌లో దాని బరువు ఉండదు.

రాత్రి పదిన్నరకి కంపెనీ యాప్‌లో మిగిలింది చూసుకుని, యాభై ఎంబీ పక్కన పెట్టి, మిగతాదానికి సరిపడా వీడియోలకి Download నొక్కుతాడు. మన దేశంలో యూట్యూబ్‌లో చాలా వీడియోలకి డబ్బు కట్టకుండానే ఈ బటన్‌ పని చేస్తుంది, అన్నిటికీ కాదు, పెట్టినవాళ్లు వద్దనుకున్న వీడియోలకి రాదు. ఏ క్వాలిటీలు దొరుకుతాయన్నది కూడా అకౌంట్‌ని బట్టి మారుతుంది, ఎక్కువ క్వాలిటీకి ప్రీమియం అడుగుతుంది. అందుకే మాటల క్లాసులు 360పీలో దించుకుని, బోర్డు క్లాసులు పొద్దున నెట్‌లో 480పీలో చూసే పద్ధతి అతనికి కుదిరింది. యాభై నిమిషాల సైకాలజీ క్లాసు 120 ఎంబీ పడింది.

ఇందులో తప్పు జరిగే చోట్లు ఉన్నాయి. మొదటి రాత్రి నాలుగు వీడియోలకి బటన్‌ నొక్కి పడుకున్నాడు, పొద్దున చూస్తే ఒక్కటీ దిగలేదు, అన్నీ వైఫై కోసం ఎదురుచూస్తున్నాయి. సెట్టింగ్స్‌లో Download over Wi-Fi only ఆన్‌లో ఉంది. దించుకునే ఆ కాసేపు దాన్ని ఆఫ్‌ చేసి, తర్వాత మళ్లీ ఆన్‌ చేయాలి, లేకపోతే పగలు పొరపాటున నొక్కినదల్లా ప్యాక్‌లోంచి దిగుతుంది. రెండో రాత్రి పదకొండు యాభైకి మొదలుపెట్టాడు. సిగ్నల్‌ 5 ఎంబీపీఎస్‌ ఇస్తుంటే 350 ఎంబీ దిగడానికి తొమ్మిది నిమిషాలకు పైనే పడుతుంది, ఆ వేళకి వేగం ఇంకా తక్కువ ఉంది, గడియారం పన్నెండు దాటింది. సగం వీడియోలు కొత్త రోజు ప్యాక్‌లోంచి దిగాయి, పొద్దున లేచేసరికి 160 ఎంబీ ముందే ఖర్చు. అందుకే పదిన్నర.

దించిన వీడియో ఫోన్‌ గ్యాలరీలో కనిపించదు, యూట్యూబ్‌ యాప్‌లోనే, అదే అకౌంట్‌లోనే నడుస్తుంది. ఎప్పటికీ ఉండదు కూడా. అప్పుడప్పుడు ఫోన్‌ నెట్‌కి కలిసి, ఆ వీడియో ఇంకా చూడొచ్చా లేదా అని యూట్యూబ్‌ని అడిగి రావాలి, కొన్ని వీడియోలకి ఆ గడువు 48 గంటలే. గడువు దాటితే ఫైలు ఫోన్‌లో ఉన్నా తెరుచుకోదు, నెట్‌ కలపమంటుంది. ఈ అడిగి రావడానికి ఖర్చయ్యే డేటా లెక్కలోకి రానంత, నెట్‌ ఉన్న చోట చేయాలంతే.

ఇది బస్సులో బయటపడింది. ఆదివారం ఊరికి పోతూ కళ్యాణదుర్గం బస్సులో చూద్దామని గురువారం రాత్రే మూడు క్లాసులు దించిపెట్టుకున్నాడు. బస్సు టౌన్‌ దాటి పొలాల మధ్యకి వచ్చాక సిగ్నల్‌ గీతలు ఒకటికి పడిపోయాయి, వీడియో తెరిస్తే రెండు నడిచాయి, మూడోది నెట్‌ అడిగింది. ఇప్పుడు బయల్దేరేముందు గదిలోనే ఏరోప్లేన్‌ మోడ్‌ వేసి, ఒక్కో వీడియోని పది సెకన్లు తెరిచి చూస్తాడు. తెరుచుకోనిది ఉంటే మోడ్‌ తీసి, నెట్‌ కలిపి, ఒకసారి తెరిచి, మళ్లీ వేసి చూసుకుని అప్పుడు ఆర్టీసీ బస్టాండ్‌కి నడుస్తాడు.